స్టేషన్‌లో ఇద్దరం ఒప్పుకున్నాం

మా అన్నను నేనే చంపానని ఒకసారి ఒప్పుకున్నాను. పోలీస్ స్టేషన్‌లో, గోడకు ఆనుకుని కూర్చుని, ఇక కొట్టడం ఆపుతారేమోనని ఒప్పుకున్నాను.

తొంభైల చివరి రోజులు. దర్శికి అవతల మా ఊళ్లో ఆ ఏడు పత్తి పోయి మిరప ఒక్కటే చేతికొచ్చింది. అన్న కల్లంలో కాయలు ఆరబోసి, కాపలాగా అక్కడే పడుకునేవాడు. పొద్దున్నే టీ తీసుకెళ్లిన వదినకు కాయల మీద బోర్లా పడి కనిపించాడు. తల వెనక గాయం. అంతకు ముందు వారమే పొలం పంపకం మీద నేనూ అన్నా వీధిలో నిలబడి ఊరంతా వినేలా అరుచుకున్నాం. అందుకని పోలీసులు ముందు నా దగ్గరికే వచ్చారు. అందులో వాళ్లను తప్పు పట్టను. వాళ్ల స్థానంలో నేనున్నా నన్నే అనుమానించేవాణ్ణి.

స్టేషన్‌లో ఏం చేశారో వివరంగా రాయను. అరికాళ్లతో మొదలుపెట్టారని చెబితే చాలు. కొంతసేపయ్యాక నొప్పి నాది కాదన్నట్టు ఉండింది. ఎవరినో కొడుతున్నారు, ఎవరో అరుస్తున్నారు. ఆ అరిచేవాడే "నేనే" అన్నాడు.

"దేంతో కొట్టావురా?" అన్నాడు సీఐ.

"కర్రతో."

నోటికి వచ్చింది అన్నాను. అదే నన్ను కాపాడింది. గాయం పదునున్న ఇనుప పనిముట్టుదని పోస్టుమార్టం చేసిన డాక్టరు రాశాడట. ఆ కాగితం వచ్చాక సీఐ నన్ను చూసి, "చెప్పడం కూడా చేతకాదేందిరా నీకు" అని ఇంటికి పొమ్మన్నాడు. నన్ను పట్టుకొచ్చినట్టు ఎక్కడా రాయలేదు, వదిలినట్టూ రాయలేదు. కొట్టారా అని ఇంట్లో అడిగారు. కొట్టారన్నాను. ఒప్పుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మా కల్లంలో పనిచేసిన కూలీ ఒకతన్ని అరెస్టు చేశారు. కాయల బస్తా ఒకటి కనపడలేదని మా అన్న అంతకు ముందు అతన్ని పదిమందిలో చెంపమీద కొట్టి ఉన్నాడు. వదిననూ నన్నూ స్టేషన్‌కు పిలిపించారు.

"చెప్పరా ఆమెకి," అన్నాడు సీఐ.

"నేనే కొట్టానమ్మా," అన్నాడు అతను నేల చూస్తూ.

వదిన అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నది, పడుకుంది. చంపినవాడు ఎవరో తెలిసిందని ఆమె మనసు కుదుటపడింది. నేను మాత్రం అతని పాదాలు చూశాను. చెప్పుల్లో పట్టనంత వాచి ఉన్నాయి. నాకు జాలీ రాలేదు, కోపమూ రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ రావడం లేదు.

కేసు ఒంగోలులో విచారణకు వచ్చేసరికి రెండేళ్లు దాటింది. సాక్ష్యానికి ముందురోజు ప్రభుత్వం తరఫు లాయరు, పీపీ గారు, వదిననూ నన్నూ తన గదిలో కూర్చోబెట్టి చెప్పాడు.

"అతను స్టేషన్‌లో మీ ముందు ఒప్పుకున్నాడు చూడండమ్మా, అది మాత్రం రేపు చెప్పకండి. చెప్పినా జడ్జి గారు రాసుకోరు."

"మా చెవులతో విన్నామండి," అంది వదిన.

"వినుండొచ్చమ్మా. పోలీసులతో చెప్పింది, పోలీసుల చేతిలో ఉండి చెప్పింది, వాడి మీద చెల్లదు. అక్కడ ఎవరిచేత ఏమైనా చెప్పించొచ్చని చట్టం రాసినవాళ్లకు తెలుసు. తెల్లవాళ్ల నాడే తెలుసు."

"మరి ఎవరి దగ్గర చెప్పాలి?"

"మేజిస్ట్రేటు దగ్గర. అక్కడికీ తీసుకెళ్లారు. మేజిస్ట్రేటు గారు పోలీసుల్ని బయటికి పంపి, చెప్పి తీరాలనేం లేదు, చెబితే నీ మీదే వాడతారు అని హెచ్చరించి, ఆలోచించుకోమని టైమిచ్చారు. వాడు ఆలోచించుకుని, చెప్పేదేమీ లేదన్నాడు."

వదిన నావైపు చూసింది. ఇదేం న్యాయం అన్నట్టు. నేను కిటికీ వైపు చూశాను.

"మనకు మిగిలింది పార," అన్నాడు పీపీ. "పార ఫలానా చోట పడేశాను, చూపిస్తాను అని వాడు పోలీసులతో అన్నాడు. సాక్షులుగా మధ్యవర్తుల్ని వెంటబెట్టుకెళితే చిల్లచెట్ల పొదలోంచి తీసిచ్చాడు. చెప్పిన వస్తువు చెప్పిన చోట దొరికింది కాబట్టి, ఆ మాట వరకూ చెల్లుతుంది. దాంతో కొట్టాను అన్నాడే, అది మళ్లీ చెల్లదు. పార మీ అన్నదేనని నువ్వు గుర్తుపడితే చాలు. ఈ కేసు దానిమీదే నిలబడాలి."

పార తెప్పించి చూపించలేదు, ఎలా ఉంటుందో కాగితంలో చదివాడు. పిడి పగిలితే రాగి తీగ చుట్టిన పార. చుట్టింది అన్నే. ఆ పారను నేను స్టేషన్ వెనక వరండాలో చూశాను. నన్ను కూర్చోబెట్టిన రోజుల్లో. అన్న సామాను ఏదో తెచ్చి పెట్టుకున్నారులే అనుకున్నాను. అప్పటికి ఆ కూలీని ఇంకా పట్టుకోనేలేదు.

పీపీకి చెప్పలేదు. వదినకూ చెప్పలేదు. చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. వదినకు మిగిలింది ఈ కేసు ఒక్కటే.

మర్నాడు ముందు వదిన సాక్ష్యం అయింది. అయ్యాక వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంది. తర్వాత నన్ను పిలిచారు. పార మా అన్నదేనన్నాను. పీపీ తృప్తిగా కూర్చున్నాడు. అవతలి లాయరు లేచాడు. ఊళ్లో వాకబు చేసుకొచ్చినట్టున్నాడు.

"మిమ్మల్ని కూడా స్టేషన్‌లో ఉంచారా?"

"ఉంచారండి."

"కొట్టారా?"

"కొట్టారు."

"మీరేం చెప్పారు?"

పీపీ అభ్యంతరం చెప్పాడు. ఇతను ముద్దాయి కాదు గదా, చెప్పనివ్వండి అన్నారు జడ్జి గారు.

"నేనే చంపానని చెప్పాను," అన్నాను.

వెనక బెంచీ వైపు చూడలేదు. ఆ మాట బయటపడ్డాక లోపల దాచుకోవాల్సింది ఏమీ లేనట్టనిపించింది. ధైర్యం అనుకోకండి. అలిసిపోయాను, అంతే.

"అన్న చనిపోయాక ఈ పారను మొదట ఎక్కడ చూశారు?"

"స్టేషన్ వెనక వరండాలో."

"ఎప్పుడు?"

"నన్ను ఉంచినప్పుడు."

"అంటే ఇతన్ని అరెస్టు చేయకముందే?"

"ముందేనండి."

జడ్జి గారు ఒక్కో మాటా నిదానంగా టైపిస్టుకు చెప్పి రాయించారు. పీపీ లేచి, నేను ముద్దాయి వాళ్లతో రాజీపడ్డానన్నాడు. కాదన్నాను. ముద్దాయి బోనులో కూర్చున్నతను నన్ను చూస్తున్నాడు. అతను చంపాడో లేదో నాకు ఆ రోజూ తెలియదు, ఇప్పటికీ తెలియదు. పోలీసుల దగ్గర ముందే ఉన్న పారను అతను చూపిస్తే దొరికిందనడానికి లేదని మాత్రం నాకూ అర్థమైంది.

తీర్పు రోజు కేసు కొట్టేశారు. అతను భార్య చెయ్యి పట్టుకుని, మావైపు చూడకుండా వెళ్లిపోయాడు. నేనూ వదినా దర్శి బస్సెక్కాం. సాక్ష్యం చెప్పిన నాటి నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఊళ్లో దిగి ఇంటికొచ్చాక, చెప్పులు విడుస్తుంటే అడిగింది.

"అతను దెబ్బలకు ఒప్పుకున్నాడంటావు."

"ఏమో వదినా. అయ్యుండొచ్చు."

"నువ్వూ దెబ్బలకే ఒప్పుకున్నావు."

"దెబ్బలకే."

ఆమె కొంగు నడుముకు చుట్టి దోపుకుని గుమ్మంలోనే నిలబడింది. కోపంగా లేదు. మెల్లగా, పిల్లల్ని అడిగినట్టు అడిగింది.

"చంపింది నువ్వు కాదు గదా?"

"కాదు వదినా."

స్టేషన్‌లో నేనే అన్నప్పుడు, నిజమేనా అని నన్నెవరూ రెండోసారి అడగలేదు. వదిన నా ముఖంలోకి చూసి, మళ్లీ అడిగింది.