శుక్రవారం సగం రోజు

అరవైల్లో బోధన్ దగ్గరి ఒక చక్కెర మిల్లులో చెరుకు బండ్లు తూచే గుమస్తాని నేను. యాజమాన్యం సెలవులకు కొత్త నిబంధనలు రాసి, లోపాలుంటే చెప్పమని కార్మికుల కమిటీకిచ్చింది. కమిటీలో నాతో పాటు ఒక ఫిట్టరు మేస్త్రీ ఉండేవాడు. మిల్లంతా ఆయన్ని చాచా అనేది.

చాచా భార్య డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం సైరన్ కాగానే నమాజు చదివి, బస్సెక్కి ఆమెను చూసొచ్చేవాడు. ఆ సగం రోజుకు బదులు ఆదివారం మిషన్లు కడిగేటప్పుడు వచ్చి పనిచేసేవాడు. ఎక్కడా రాసి లేదు, మామూలు. హాజరీలో నిండు రోజే పడేది. ఆ వేసవిలో ఆమెకు నయమైంది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గల్లీలో ఎవరూ ఆమె దగ్గరికి రారు. జీతంతో సెలవు దొరికితే తానే పక్కనుండాలని చాచా ఆశ.

ఏడాదిలో రెండువందల నలభై రోజులు పనిచేస్తేనే ఆ సెలవు. సగం రోజు సెలవు పెట్టవచ్చని నాలుగో నిబంధన అంటుంటే, ఒక్క పూట లేకపోయినా ఆ రోజంతా గైర్హాజరేనని తొమ్మిదోది అంటోంది. ఈ రెంటికీ పొసగదని నేను చెప్పాను.

"నిజమే. రెండు సగాలు కలిపి ఒక రోజుగా లెక్కేద్దాం" అన్నాడు మిల్లు లేబర్ ఆఫీసరు. కోస్తా నుంచి వచ్చినవాడు, మాట మెత్తన. చాచా శుక్రవారాలు గట్టెక్కాయని నా ప్రాణం కుదుటపడింది.

చాచా ఊరుకోలేదు. "సాబ్, నా శుక్రారం సంగతి గూడ రాయుండ్రి. ఆ పూటకు ఐతారం పనిజేస్తున్న. రేపు ఇంకో సాబ్ వస్తే తెల్వద్దా?"

బల్లకింద చాచా కాలు తొక్కాను. నా వైపు చూసి నవ్వాడు పిచ్చి మనిషి.

ఆఫీసరు కలం మూత తీశాడు. "ఇలా ఎందరున్నారు మేస్త్రీ? మంచి మాట చెప్పారు. ఆదివారం సెలవు దినం, ఆ పని లెక్కలోకి రాదు. సగం రోజుల గొడవే వద్దు." నాలుగో నిబంధన కొట్టేశాడు. నేను అరిచాను. నాలుగోది పోయాక వైరుధ్యం ఎక్కడుందండీ అన్నాడు. ఆ నవ్వు ముఖాన్ని ఇప్పటికీ కొట్టాలనిపిస్తుంది.

పోయిన ఏటి హాజరీ కూడా దిద్దించారు. పండుగలు, జబ్బు రోజులకు తోడు శుక్రవారాలన్నీ పోయేసరికి చాచాకు రెండువందల నలభై అందలేదు. జీతం లేని సెలవైనా ఇవ్వమని అడిగాడు. మిషన్ల మరమ్మతు కాలం, కుదరదన్నారు. చాచా చెప్పకుండానే పోయి భార్యను ఇంటికి తెచ్చుకున్నాడు. వారం దాటాక, అనుమతి లేని గైర్హాజరు కింద పేరు కొట్టేశారు.

రంజాన్ ముందు మిల్లు గేటు దగ్గర కనబడ్డాడు. పక్కన ముఖం కప్పుకుని ఆయన భార్య. పని అడగడానికొచ్చాడట, కావలివాడు లోపలికి రానివ్వలేదు. గేటుకు కొత్త నిబంధనలు అతికించి ఉన్నాయి. కార్మికుల కమిటీ సలహా మీద సవరించినవని పైన రాశారు. అడుగున కమిటీ తరఫున మా ఇద్దరి సంతకాలు. ఉర్దూలో ఉన్నదాన్ని వేలితో చూపించి, "ఇది నాదే" అని భార్యకు చెప్తున్నాడు చాచా.