ఎంకవ్వ సకినాల క్లాసు

మా అవ్వ సకినం చుడితే, చందమామ దిగి వచ్చి తన గుండ్రం సరిచూసుకుని పోతాడు. నేను ఫోన్‌లో ఇలాగే రాసి పంపాను. నమ్మి పదిమంది క్లాసుకు డబ్బులు ముందే కట్టారు.

అవ్వ పేరు ఎంకవ్వ. ఎల్లారెడ్డిలో పెళ్లిళ్లకు, సారెలకు తడి బియ్యప్పిండిని వేళ్లతో గుండ్రంగా చుట్టి నూనెలో వేయించే సకినాలు చేసి అమ్ముతుంది. ఆర్డర్లు లేని నెలల్లో ఖాళీగా కూర్చోకుండా కామారెడ్డిలో ఒక గది అద్దెకు తీసుకుని క్లాసు పెట్టింది. పిండి, నూనె తనవే. ఎవరు చుట్టినవి వాళ్లే ఇంటికి తీసుకుపోవాలి. చూపడానికి ఇంకో రెండు చేతులు కావాలని పక్కింటి సాలవ్వను వెంట తీసుకుపోయింది.

క్లాసు బాగానే నడిచింది. పిండి గట్టిగా ఉంటే తెగుతుందని, జారుగా ఉంటే నిలవదని అవ్వ చెబుతుంటే, సాలవ్వ అందరి వేళ్లు పట్టుకుని తిప్పించింది. బస్సులో వస్తూ సాలవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అవ్వ ఆమెకు ఒక పొట్లం సకినాలు ఇచ్చి ఊరుకుంది. మా వాడలో ఎప్పుడూ అంతే. ఒకరింట్లో సకినాలంటే అందరూ వచ్చి చుడతారు. కూలి అడగరు, ఇవ్వరు. రేపు వాళ్లింటికి మనం పోతాం.

తర్వాత పిట్లం నుంచి పెద్ద పెళ్లి ఆర్డరు వచ్చింది. అంత పెద్దది అవ్వకు అదే మొదటిది. బియ్యం నానబోసి, పట్టించి, తడిపిండి కలిపి, బట్టలు పరిచింది. చుట్టడానికి వాడలోంచి ఒక్కరూ రాలేదు. నేను సాలవ్వ ఇంటికి పోయాను.

"అవ్వ పిలుస్తుంది, పెద్దమ్మా."

"పైసలు గట్టి నేర్సుకున్నోళ్లు పదిమంది ఉన్నరు గద బిడ్డా, ఆళ్లను పిల్వుమను. నా చేతులేమన్న పుణ్యానికి వచ్చినయా?"

ఆమె మాట విని మిగతావాళ్లూ ఆగిపోయారని అప్పుడు తెలిసింది. క్లాసుకు వచ్చిన పల్లవికి ఫోన్ చేస్తే, "నేను సొంతంగా ఆర్డర్లు మొదలువెట్టిన, నాకు తీరదు" అంది.

అవ్వా నేనూ ఇద్దరమే చీకటి పడేదాకా చుట్టినా సగం కూడా కాలేదు. మిగిలిన పిండి పులిసింది. పెళ్లివారు ఫోన్లోనే నాలుగు తిట్టి, బజారు నుంచి మిఠాయి తెప్పించుకున్నారు.

నేను ఊరుకుంటానా? "అవ్వా, ఈసారి పెళ్లి ఆర్డరు రోజే క్లాసు పెడదాం. వాళ్లే పైసలిచ్చి మన సకినాలు చుట్టిపోతారు!" అన్నాను.

అవ్వ పులిసిన పిండి గిన్నె నా ముందుకు తోసింది.

"పైసలిచ్చినోడు సుట్టింది ఆడే ఎత్తుకపోతడు. సాలవ్వ సుట్టింది నాకు మిగిలేది. గామె చేతికి కూలి వెట్టకుండ బస్సెక్కించుకొచ్చిన, ఇప్పుడు పైసలిస్త రమ్మన్నా మొగం మీద తలుపేస్తది. నీ తెలివి సల్లగుండ, పో, గీ పిండి బర్రెకు పెట్టు."