వంద, డెబ్బై, తొంభై ఒకటి

మా కాలేజీలో జీతాల పెంపు కాగితం మీద చెప్పరు. జూన్‌లో ఒక సాయంత్రం స్టాఫ్ అందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. కరస్పాండెంట్ గారు మైకు తీసుకుని ఆ ఏటి శాతం ఒక్క అంకెలో చెబుతారు. మేం చప్పట్లు కొడతాం. తర్వాత పకోడీలు, టీ. విజయనగరంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ అంటే పెద్ద పెద్ద ఆశలు ఎవరికీ ఉండవు గనక ఆ అంకె ఎంతైనా పకోడీలు మాత్రం ఖాళీ అయిపోతాయి.

నేను అక్కడ కామర్స్ చెబుతాను. చేరినప్పుడు పద్దెనిమిది వేలు. ఆ రోజు కరస్పాండెంట్ గారు నాతో అన్న మాట నాకింకా గుర్తుంది. "పదేళ్లు కదలకుండా ఉండమ్మా. జీతం ఇంచుమించు రెట్టింపు అవుతాది." కదలకుండా ఉండటం నా ఒంటికి పడని పని. బస్‌స్టాపులో కూడా నిలబడలేక తర్వాతి స్టాపు దాకా నడిచే మనిషిని. అయినా ఆ ఒక్క మాటకి పదేళ్లున్నాను.

పదేళ్లయిన ఏడాది కాలేజీ వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. మార్చి ఎండలో ఆ శాలువా మెడ మీద గరగరలాడుతుంటే ఆయన మైకులో అన్నారు. "ఈ పదేళ్లలో అన్నీ కూడితే డెబ్బై శాతం. సగటున ఏడాదికి ఏడు. ఈ జిల్లాలో ఏ కాలేజీ ఇచ్చింది, సెప్పండి." హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతూనే ఎక్కడో చిరాకేసింది. ఏటేటా ఏడు శాతం చొప్పున పెరిగితే పదేళ్లకి దాదాపు రెట్టింపు కావాలి. పద్దెనిమిది వేలు ముప్పై అయిదు వేల నాలుగొందలు కావాలి. నా జీతం ముప్పై రెండు వేలకి పన్నెండు రూపాయలు తక్కువ.

ఇంటికొచ్చి శాలువా తీయకుండానే లెక్క మొదలుపెట్టాను. మా ఆయనకి కోట దగ్గర జెరాక్స్ షాపు ఉంది. అప్పుడే షట్టరు దించి వచ్చి అన్నం పెట్టుకుంటున్నాడు.

"ఏటే, శాలువా కప్పుకుని తిరుగుతున్నావు, సలేస్తన్నాదా?"

"మూడు వేల నాలుగొందలు కనబడటం లేదు."

"బేంకులోనా?"

"జీతంలో."

ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. పెంపులు నాకు కంఠతా వచ్చు. పది, ఎనిమిది, పన్నెండు, అయిదు, పది. ఆరో ఏడు కరోనా, ముప్పై కోత. ఆ మరుసటి ఏడు ముప్పై పెంపు. తర్వాత ఎనిమిది, ఆరు, పదకొండు. పెంపులన్నీ కూడి, అందులోంచి కోత ముప్పై తీసేస్తే డెబ్బై. పదితో భాగిస్తే ఏడు. కరస్పాండెంట్ గారు అబద్ధం చెప్పలేదు.

"మరింకేటి, సరిపోయింది కదా," అన్నాడు మా ఆయన.

సరిపోలేదు. శాతాలు కూడితే వచ్చేది కాదు జీతం. ప్రతి ఏటి పెంపూ నిరుటి జీతం మీద పడుతుంది గనక వాటిని గుణించాలి. పది పెరిగితే 1.10, దాన్ని 1.08తో, దాన్ని 1.12తో, అలా పదేళ్లూ. కోత ఏడు 0.70. ఫోను అడ్డంగా తిప్పి క్యాలిక్యులేటర్‌లో గుణించుకుంటూ పోయాను. చివరికి 1.777 వచ్చింది. పద్దెనిమిది వేలని దానితో గుణిస్తే సరిగ్గా నా జీతం. ఇప్పుడు ఏటేటా ఒకే రేటుతో పెరిగి ఇక్కడికి రావాలంటే ఆ రేటు ఎంత? 1.777కి పదో మూలం తీశాను. 1.059. అంటే ఏడాదికి అయిదు పాయింట్ తొమ్మిది. ఏడు కాదు.

ఈ పాఠమే నేను సెకండియర్ పిల్లలకి గుణమధ్యమం పేరుతో చెబుతాను. మధ్యలో తరుగు వస్తే మామూలు సగటు ఎక్కువ చూపిస్తుందని పరీక్షలో అడుగుతాను కూడా.

తినే కంచం పక్కన చెంచాతో గీసి చూపించాను. "వందలో ముప్పై కోస్తే ఎంత?"

"డెబ్బై."

"డెబ్బై మీద ముప్పై శాతం పెంచితే?"

"ఇరవై ఒకటి. తొంభై ఒకటే అయ్యింది."

"ఆ తొమ్మిదీ పోయింది. ఆ తర్వాత వచ్చిన పెంపులన్నీ వంద మీద పడాల్సింది, తొంభై ఒకటి మీద పడ్డాయి."

వంద నుంచి డెబ్బైకి పడితే మళ్లీ వంద కావడానికి దాదాపు నలభై మూడు శాతం పెంచాలి. ముప్పై పెంచారు. మేమేం చేశామో తెలుసా? ఆ ఏడు మీటింగులో "తీసిన ముప్పై ఇచ్చేస్తన్నాం" అనగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. మా ఫిజిక్స్ మేస్టారు గంటస్తంభం దగ్గర బంతిపూల దండ కొనుక్కొచ్చి కరస్పాండెంట్ గారి మెళ్లో వేశారు. తీసింది తీసినట్టు ఇచ్చేశాడు, దేవుడని అందరం అనుకున్నాం. నలభై మంది లెక్చరర్లం, డెబ్బైలో ముప్పై శాతం ఎంతో ఒక్కరమూ కట్టి చూడలేదు.

అక్కడితో నా మనశ్శాంతి పోయింది. బోర్డు మీద ఏం రాస్తున్నా తొంభై ఒకటే కనిపించేది. మేలో శ్రీకాకుళంలో ఒక కాలేజీ నుంచి ఫోనొచ్చింది. ముప్పై ఆరు వేలు ఇస్తాం, జూన్‌లో వచ్చి మాట్లాడమన్నారు. రోజూ అంత దూరం బస్సులో పోయి రావాలి. నాకు ఊరు వదలాలని లేదు. ఈ పదేళ్లూ ఊరికే పోలేదని ఎవరైనా ఒప్పుకోవాలి, అదొక్కటే కావాలి.

కరస్పాండెంట్ గారు పొద్దుట రైసు మిల్లులో ఉంటారు, అది ఆయనదే. అక్కడికే వెళ్లాను. పొట్టు ఎగురుతోంది. ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వంద బస్తాల లెక్కలో చెప్పాను. ముప్పై పోతే ఎంత, మిగిలినదానికి ముప్పై శాతం కలిపితే ఎంత. ఆయన సగంలోనే చెయ్యెత్తారు.

"తెలిసిందమ్మా. తొమ్మిది బస్తాలు తక్కువొచ్చాయి. నేను కావాలని సెయ్యలేదు."

"నాకు తెలుసండి."

"నీకొక్కదానికి సరిసేసేస్తాను. ఎవరితోనూ అనకు."

అదే కావాలని వచ్చాను గదా, మరి ఎందుకు సంతోషం రాలేదో. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే వాళ్ల మొహాలు వరసగా గుర్తొచ్చాయి.

"అందరికీ పోయిందండి. అందరికీ ఇవ్వండి. దాని మీద ఈ ఏటి పెంపు వేరే."

"రెండూనా? జూన్‌లో సూద్దాం, ఎల్లు."

జూన్ మీటింగు దాకా నేను కుదురుగా అన్నం తిన్నది లేదు. స్టాఫ్ రూములో లెక్క చెబితే అందరూ విన్నారు, ఒకరిద్దరు నాలుక కరుచుకున్నారు, ఫిజిక్స్ మేస్టారు మాత్రం "ఉన్నది ఊడగొట్టకండి మేడమ్" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి నా తర్వాతి ఏడే ఉద్యోగం వచ్చింది. కూతురు ఇంటరు చదువుతోంది. భయం ఉండదా మరి.

మీటింగు రోజు కరస్పాండెంట్ గారు మైకు తీసుకున్నారు. "ఈ ఏడు పది. కరోనా కోత తిరిగిచ్చాక ఇంత ఇచ్చింది నిరుడొక్కటే."

హాలు దద్దరిల్లింది. నేను వేళ్ల మీద లెక్క కట్టుకున్నాను. తొంభై ఒకటి మీద పది శాతం, వంద. అంటే ఆ పాత తొమ్మిదే. దానికి కొత్త చొక్కా తొడిగి తెచ్చారు. ఈ ఏటి పెంపు సున్నా.

సీనియర్‌ని గనక కృతజ్ఞతలు చెప్పమని నన్నే పిలిచారు. చేతిలో దండ పెట్టారు. బంతిపూలే. దండ పట్టుకునే మైకు దగ్గరికి వెళ్లాను.

"ఈ పది శాతం మాకు రావాల్సిన పాతదే సార్. అది ఇచ్చినందుకు సంతోషం. ఈ ఏటి పెంపు ఎంతో ఇంకా చెప్పలేదు."

పకోడీల పళ్లెం తెస్తున్న అటెండరు గుమ్మంలోనే ఆగిపోయాడు. కరస్పాండెంట్ గారు నవ్వారు. "మేడమ్ మనకి కూడా క్లాసు తీసుకుంటన్నారు. ఈ ఏటిది వచ్చే ఏడు సూద్దాం." అందరూ నవ్వారు. ఫిజిక్స్ మేస్టారు గబగబా వచ్చి నా చేతిలో దండ తీసుకుని ఆయన మెళ్లో వేసేశారు. అంత మందిలో ఒంటరిదాన్నైపోయాను. కోపం కన్నా సిగ్గే ఎక్కువేసింది.

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే శ్రీకాకుళం బస్సెక్కాను. అక్కడి సెక్రటరీ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "మా దగ్గర సగటున ఏడాదికి ఎనిమిది శాతం పెంపమ్మా."

"సగటు వద్దండి. మీ దగ్గర పదేళ్లున్న వాళ్లెవరికైనా మొదటి జీతం ఎంత, ఇప్పుడెంత, ఆ రెండూ చెప్పండి."

ఆయన వింతగా చూసి అకౌంటెంటుని పిలిచారు. ఇరవై వేలతో చేరిన లెక్చరర్‌కి ఇప్పుడు ముప్పై. ఫోను తీశాను. పదేళ్లలో ఒకటిన్నర రెట్లు. ఏడాదికి నాలుగు పాయింట్ ఒకటి. కరోనాలో వీళ్లు సగం కోసి, తర్వాత కొంచెం కొంచెంగా కలిపారట. ముప్పై ఆరు వేలు ఈ రోజు మాట. వచ్చే పదేళ్లు ఎవరి చేతిలో ఉన్నట్టు? ఆలోచించుకుంటానని చెప్పి లేచాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేక డ్రైవరు వెనకాల నిలబడే వచ్చాను.

మర్నాడు స్టాఫ్ రూములో ఎవరూ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం అందరూ క్లాసులకి పోయాక ఫిజిక్స్ మేస్టారు కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకున్నారు.

"నాదొకసారి సూడండి మేడమ్."

"మొదటి జీతం ఎంత మేస్టారూ?"

"ఇరవై వేలు." ఆలోచించకుండా చెప్పారు.

ఆయనకి నా మొదటి ఏటి పది లేదు, దాని బదులు ఈ ఏటి పది ఉంది. మిగతా తొమ్మిదీ అవే. ముందుది వెనక్కి పోయింది అంతే, గుణకారంలో వరస మారితే ఏముంది. అదే 1.777. ముప్పై అయిదు వేల అయిదొందల నలభై రెండు. ఆయనకీ సగటున ఏడు అని చెప్పుకోవచ్చు, ఆయనకీ నిజంగా పెరిగింది అయిదు పాయింట్ తొమ్మిదే. కోత అప్పుడే నిండా పూడ్చి, ఈ పది వేరే ఇచ్చి ఉంటే మూడు వేల అయిదొందలు ఎక్కువ వచ్చేవి. కాగితం మీద వంద రాశాను. కింద డెబ్బై. దాని కింద తొంభై ఒకటి.

మేస్టారు ఒక్కో అంకె మీదా చూపుడు వేలు పెట్టుకుంటూ చదివారు. ఆ వేలి గోటి అంచున ఇంకా బంతిపూల పసుపు ఉంది.

"మరి ఆ దండ రెండుసార్లూ నేనెందుకేసాను మేడమ్?"

ఆయన కుర్చీ వెనక్కి జరపలేదు. "ఈ ఏటి పెంపు గురించి అడగడానికి ఎప్పుడెల్దాం?" అన్నారు. శ్రీకాకుళం వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పాను.