భయం దిగేదాకా

తిరువూరులో రైసు మిల్లు నడిపే చంద్రశేఖరంగారికి నిదానం అంటే గిట్టదు. లారీ రావడం పది నిమిషాలు ఆలస్యమైతే తానే ఎదురెళ్లే మనిషి. అలాంటి ఆయనకి కుక్క అంటే వణికిపోయే మనవరాలు పుట్టింది.

కన్యకకు తొమ్మిదేళ్లు. సందులో కుక్క కనబడితే చాలు, అక్కడే కూలబడి ఏడ్చేది. పాపం కదా అని ఇంట్లోవాళ్లు కుక్కల్ని తరిమేవారు, బడికి కారులో పంపేవారు. చివరికి కారు దిగడానికీ భయపడి బడే మానేసింది.

పిల్లల ఆసుపత్రికి శనివారాలు వచ్చే సైకాలజిస్టు గ్లోరిగారు తాతగారికి వివరంగా చెప్పారు.

"తప్పించే కొద్దీ భయం పెరుగుద్దండి. మెట్టుమెట్టుగా దగ్గరికి తీసుకెళ్దాం. తను ఒప్పుకోకుండా ఏ మెట్టూ ఎక్కించొద్దు."

ముందు పొట్ట నిండా ఊపిరి పీల్చి మెల్లగా వదలడం, పిడికిళ్లు బిగించి సడలించడం నేర్పారు. తర్వాత కుక్కల బొమ్మలు చూపించారు, ఆపైన వీడియోలు. భయం పదిలో ఎంతో పిల్లే చెప్పాలి, అది తగ్గేదాకా అక్కడే ఉండాలి. వీడియోలు దాటేసరికి చంద్రశేఖరంగారు ఉబ్బిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కనే ఉన్న మిల్లులో కాపలా కుక్క భీముడికి పెరుగన్నం పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. మర్నాడు ఆయన ఆ గిన్నె మనవరాలి చేతికిచ్చారు.

"నువ్వే పెట్టమ్మా. ఒక్క దెబ్బకి భయం పోద్ది!"

భీముడు అన్నం కోసం ఎగిరాడు. కన్యక కేక విని మిల్లులో పనివాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఆ సాయంత్రం కన్యక కుక్క బొమ్మ కూడా చూడలేకపోయింది.

"తిండి కోసం ఎగబడే కుక్క దగ్గరికి పిల్లల్ని పంపొచ్చాండీ?" గ్లోరిగారికి ఒళ్లు మండింది. మళ్లీ బొమ్మల నుంచే మొదలుపెట్టారు.

చంద్రశేఖరంగారు నొచ్చుకున్నారు, కానీ ఆయనకో సందేహం మిగిలింది.

"అసలు నిలబడితే ఎందుకు తగ్గుద్దండీ?"

"తను అనుకున్న కీడు జరగట్లేదని మనసు చూసుకోవాలి కదండీ. పారిపోతే ఎక్కడ చూసుకుంటుంది?"

ఆ మాట ఆయనకి తెగ నచ్చింది. రోజూ పిల్లతోపాటు తానూ మేడ మీద కిటికీ దగ్గర, తర్వాత మెట్ల మీద, తర్వాత వాకిట్లో నిలబడి "ఎంతమ్మా?" అని అడిగేవారు. టీకాలు వేయించిన భీముడు ముందే తిండి తిని, ఇంటి గేటు పక్కన గొలుసుతో పడుకునేవాడు.

కొన్ని వారాలకి ఒక ఉదయం కన్యక బడి సంచి వేసుకుంది. భీముడి పక్కగా గేటు దాటాలి. సగం దూరం వెళ్లి ఆగిపోయింది.

"ఎనిమిది," అంది. పెదాలు పాలిపోయాయి.

తాత గుండె తరుక్కుపోయింది. "చాల్లే తల్లీ. బడి లేకపోతే పోయింది, లోపలికి పద," అని చెయ్యి లాగారు.

కన్యక కదల్లేదు. ఊపిరి వదులుతూ భీముడినే చూస్తోంది.

"ఆగు తాతయ్యా, ఇంకా తగ్గలేదు." కాసేపటికి, "ఐదు," అంది. తర్వాత తలెత్తి, "నీకెంత?" అని అడిగింది.

ఆయన అబద్ధం ఆడలేకపోయారు. "తొమ్మిదమ్మా."

"అయితే నీక్కూడా తగ్గనీ," అని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తర్వాత వెళ్దాం."