కూలివాడి మాటలు ఎవరు చదవాలి

ముందే చెప్పేస్తున్నాను. చిన్నప్పుడు మా కాలవలో నేను పట్టిన కొర్రమీను ఏటా ఒక మూర పెరుగుతూ ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు నా మాటలో నాలుగో వంతే నమ్ముతారు. మీరూ అలాగే చదువుకోండి. ఎంత తగ్గించుకున్నా ఇది సంతోషించే సంగతి మాత్రం కాదు.

డెబ్బైల చివర్లో అమలాపురంలో బి.ఎ. చదివాను, ప్రత్యేక తెలుగు. మా గదికి రేకుల కప్పు. వానొస్తే మేష్టారి పాఠం కాకినాడలో వినపడేదేమోగాని మా బెంచీదాకా వచ్చేది కాదు. ఆధునిక సాహిత్యం పేపర్లో ఒక కథ ఉండేది. కూలివాడు గింజలడుగుతాడు, కామందు పొమ్మంటాడు. దానిమీద పరీక్షలో తరచూ పడే ప్రశ్న ఒకటే: కులాన్నీ మాండలికాన్నీ రచయిత చిత్రించిన తీరు చర్చించండి.

కథను పాత్రలవారీగా పైకి చదివించడం మేష్టారికి అలవాటు. మాది పొలాలున్న ఇల్లు కాబట్టి కామందు మాటలు నాకిచ్చారు. కూలివాడి మాటలు నా స్నేహితుడికిచ్చారు. అతను ఉప్పలగుప్తం వైపునుంచి, అప్పట్లో హరిజనపేట అనే చోటునుంచి వచ్చేవాడు.

"నీకైతే సహజంగా వస్తాయి, చదువు" అన్నారు మేష్టారు. మెచ్చుకుంటున్నాననుకునే అన్నారు.

అతని తండ్రి మిషన్ బడిలో ఉపాధ్యాయుడు, ఆదివారం ప్రసంగాలు కూడా చేసేవారు. ఆ ఇంట్లో పిల్లిని అదిలించాలన్నా "ఓ మార్జాలమా, తొలగిపొమ్ము" అంటారని కాలేజీ అంతా నేనే ప్రచారం చేశాను. అంత కాకపోయినా, మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగని తెలుగు వాళ్లది.

"ఎల్లిపోతానయ్యా, కూసిన్ని గింజలెట్టించండయ్యా" అన్న ముక్కని అతను రేడియోలో వార్తలు చదివినట్టు చదివాడు.

"అలా కాదయ్యా. మీవాళ్లు మాట్లాడినట్టు చదువు."

"మా ఇంట్లో ఇలా మాట్లాడరండి."

"మరి ఎవరింట్లో మాట్లాడతారు?"

నా నోరు ఊరుకుంటుందా. "మా మామ్మండి!" అన్నాను. ఆగకుండా మామ్మ గొంతు కూడా పెట్టేశాను: "ఒరే, ఎక్కడికెల్తన్నావు? కూసింత మజ్జిగన్నం తినెల్లు!" క్లాసు గొల్లుమంది. రేకులు లేచి గోదాట్లో పడ్డాయి. మేష్టారు పుస్తకం మూసేశారు.

ఆ సాయంత్రం బస్సుకోసం నిలబడి ఉండగా నా స్నేహితుడు అన్నాడు. చదువుకున్న ఆ మూడేళ్లూ నేనతన్ని నువ్వు అన్నాను, అతను నన్ను మీరు అన్నాడు.

"చూశారాండి? మా పేటలో ముసలాళ్లు కొందరు అలా అంటారు, మీ మామ్మగారూ అంటారు. అది ఊరి మాటండి. కథలో మాత్రం కామందు పుస్తకంలా మాట్లాడతాడు. ఊరందరి యాసా తెచ్చి కూలివాడొక్కడి నోట్లో పెట్టేరు, చదివేవాడికి కులం తెలియాలి కదాండి."

ఆ మాటే తరవాత మేష్టారితోనూ అన్నాడు. అతనికి ఎమ్మే సీటు కావాలి. లెక్చరరు కావాలన్నది ఆ ఇంటి ఆశ. దానికి కనీసం సెకండ్ క్లాసు రావాలి. పరీక్షలముందు మేష్టారు అతన్ని స్టాఫ్ రూములోకి పిలిచారు. నేనూ వెంట వెళ్లాను.

"నువ్వన్నది నిజమేనయ్యా, నేనూ ఆలోచించేను. కాని దిద్దేది నేను కాదు. యూనివర్సిటీలో ముక్కూ మొహం తెలియనాయన కట్టలు ముందేసుకుని కూర్చుంటారు. 'పాత్రోచితమైన మాండలికం' అన్న ముక్క కనపడితే మార్కులేస్తారు. ఇప్పటికి అదే రాయి. నీ మాట ఎమ్మేలో రాద్దువుగాని."

"ఆయ్" అన్నాడతను.

ప్రశ్న పడనే పడింది. ఆ ముక్కని నేను ప్రతి పేరాలోనూ రాసి, కాగితం చిరిగేలా కింద గీతలు కొట్టాను. బయటికొచ్చి అడిగాను.

"రాసేవా?"

"రాసేనండి."

"ఏం రాసేవు?"

"మీ మామ్మగారి గురించండి."

నాకు సెకండ్ క్లాసొచ్చింది. దానితో నాకు పనేం లేదు. అతనికి థర్డ్ క్లాసు. మిగతా పేపర్లన్నీ బాగానే ఉన్నాయి, ఆ ఒక్కటే కిందికి లాగేసింది. సీటు రాలేదు. మీ నాన్నగారేమన్నారని అడిగితే, "ప్రార్థన చేసేరండి" అన్నాడు. కొన్నాళ్లు రావులపాలెం అరటి మార్కెట్లో గుమస్తాగా గెలలు లెక్కపెట్టాడు. తరవాత కువైట్‌కి డ్రైవరుగా వెళ్లిపోయాడు.

ఫలితాలొచ్చిన వారంలో మేష్టారు సైకిలేసుకుని ఆ పేటకి వెళ్లారు. వాళ్ల అరుగుమీద కూర్చుని, "మీవాడు రాసింది తప్పు కాదండి" అని తండ్రితో చెప్పి, వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చారు.

ఈ కథ నేను ఎవరికి చెప్పినా ఇక్కడికొచ్చేసరికి కళ్లు తుడుచుకుంటారు. రేకులు గోదాట్లో పడలేదని మీకు తెలుసు, దాన్ని వదిలేయండి. నేను నిజంగా కల్పించింది ఈ కాఫీ. మేష్టారు ఆ పేటకి వెళ్లలేదు. మరుసటేడు మా తమ్ముడు అదే క్లాసులో కూర్చున్నాడు. మేష్టారు అదే కథ తీసి కామందు మాటలు మావాడికిచ్చి, కూలివాడి మాటలకోసం బెంచీలవైపు చూశారట.