స్నేహితుడని కూడా చూడలేదు

తిరువూరు పంచాయతీ సమితి ఆఫీసులో శౌరయ్య హెడ్ క్లర్కు. లంచం ముట్టడు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని ఆయనకు కొంచెం బెంగ కూడా ఉండేది. కాంట్రాక్టరు టీ తాగమంటే "నా టీ నేను తాగి వచ్చానండీ" అని పది మందికీ వినబడేలా చెప్పేవాడు. నిజాయితీ మంచిదే గాని దానికి అంత కాపలా అవసరమా అని చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వుకునేవారు.

బస్టాండు దగ్గర ఇనుపసామాన్ల కొట్టు అంకారావు ఆయనకు బడి నాటి స్నేహితుడు. కులం వేరు, మతం వేరు. అయినా క్రిస్మసుకు శౌరయ్య ఇంటి నుంచి అరిసెలు అటు వెళ్ళేవి, వేసవిలో అంకారావు తోట నుంచి మామిడికాయలు ఇటు వచ్చేవి. సాయంత్రం ఆఫీసు వదిలాక శౌరయ్య ఇంటికి పోయే ముందు ఆ కొట్టు ముందున్న బెంచీ మీద కాసేపు కూర్చోవలసిందే.

ఒక ఏడాది హాస్టలుకు బక్కెట్లు సరఫరా చేసే ఆర్డరు అంకారావుకు వచ్చింది. ధర తక్కువ కాబట్టే వచ్చింది. అయినా వరండాలో ఎవడో "శౌరయ్య గారి చలవ" అన్నాడు. అంతే, ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. నెల రోజుల పాటు ఆ బెంచీ మీద కూర్చోలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఇంట్లో భార్య మేరమ్మతో పదే పదే అన్నాడు. "మీరు తాగింది పాలే కదా, ఇంక భయమెందుకు?" అంది ఆవిడ.

పందొమ్మిది వందల డెబ్భై ఏడు వేసవిలో వినగడపకు మంచినీళ్ళ పథకం మంజూరైంది. ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు ఆరు వందల మీటర్లు కావాలి. మూడు కొటేషన్లు వచ్చాయి. కవర్లు విప్పి, ఇంజనీరు గారు అసలు కాగితాలు టెక్నికల్ అనుమతి కోసం విజయవాడ పట్టుకెళ్ళారు. పోయిన పూటే ఫొటోస్టాట్లు తీయించి బస్సు కండక్టరు చేత పంపించారు, తను తిరిగొచ్చేలోపు శౌరయ్య పోలిక పట్టిక తయారు చేసి ఉంచాలని.

మూడు కాగితాలూ మూడు రకాలుగా మాట్లాడాయి. మద్రాసు కంపెనీ ఇరవై అడుగుల పైపు ఒకటికి డెబ్భై రూపాయలంది. విజయవాడ వాళ్ళు మీటరు పదకొండు రూపాయల ఎనభై పైసలన్నారు. అంకారావు పాతకాలం మనిషి, అడుగు మూడు రూపాయల ఎనభై అయిదు పైసలని రాశాడు. మద్రాసు వాళ్ళది అడుగుకు మూడున్నరే పడుతుంది, మూడున్నర కంటే మూడు ఎనభై అయిదు ఎక్కువని చెప్పడానికి హెడ్ క్లర్కు అక్కర్లేదు. అయితే పైపు వాళ్ళ గోడౌనులో ఉంటే ఒక లెక్క, వినగడపలో కాలవ పక్కన దిగితే ఒక లెక్క. శౌరయ్యకు ఇది బాగా తెలుసు. ముందు అన్నిటినీ మీటర్లలోకి తేవాలి, తర్వాత పన్ను కలపాలి, ఆపైన వినగడప దాకా తోలుబడి కలపాలి. అప్పుడు గాని పోల్చకూడదు.

మద్రాసు పైపు ఒకటి ఆరు మీటర్ల పైచిలుకు. డెబ్భైని ఆరు పాయింటు సున్నా తొమ్మిది ఆరుతో భాగిస్తే మీటరు 11.48. అంటే మూడిట్లోకీ చవక. కానీ వేరే రాష్ట్రం సరుకు, పన్ను తగ్గించే రాయితీ ఫారం ఇచ్చే హక్కు సమితికి లేదు, సెంట్రల్ పన్ను ఎనిమిది శాతం. దానితో 12.40. లారీ ఖర్చు మీటరుకు తొంభై పైసలు పడితే 13.30. చవక సరుకు కాస్తా మోయలేని ధరయింది. విజయవాడ వాళ్ళది పన్ను నాలుగు శాతం అదనం, సరుకు వాళ్ళ గోడౌను దగ్గరే అప్పగింత. పన్నుతో 12.27, లారీకి మీటరుకు అర్ధరూపాయి, మొత్తం 12.77.

ఇక అంకారావుది. అడుగుల్ని మీటరు చేస్తే 12.63. పన్ను మాట? తోలుబడి మాట? కాగితం అడుగున, సంతకం కింద, ఏదో ముద్ర వేసిన జాడ ఉంది. అంకారావు ముద్రలకు వాడేది ఊదా సిరా. ఫొటోస్టాట్ మిషనుకు ఊదా రంగు సరిగా ఆనదు. అక్కడ బూడిద మరకలు తప్ప ఒక్క అక్షరమైనా కనపడలేదు.

"అంకారావు అన్నయ్యగారి కొట్టు నాలుగడుగులేగా, వెళ్ళి అడిగి రండి" అంది మేరమ్మ.

"ఒకళ్ళని అడిగితే ముగ్గుర్నీ అడగాలి. రూలు" అన్నాడు శౌరయ్య.

"అయితే ముగ్గురికీ మూడు కార్డులు రాసి పడెయ్యండి."

అదీ చేయలేదు. అసలు అడగవలసిన పనే లేదు. తిరువూరు కొట్లలో ధర చెప్పారంటే అన్నీ కలిపి, తమ బండి మీద తెచ్చి దింపి చెప్పిన ధరే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన ఆ పద్ధతిలోనే మేకులు కొన్నాడు, రేకులు కొన్నాడు. ఆ బెంచీ మీద కూర్చుని, అంకారావు రైతులకు "పన్నూ గిన్నూ నాదే, పట్టుకుపో" అనడం ఎన్నిసార్లు విన్నాడో. అయినా కాగితంలో కనపడనిది అదనం కిందే లెక్క అని ఆఫీసు రూలొకటి ఉంది. ఆ రూలు ఆ పూట ఆయనకు దేవుడిచ్చిన గొడుగులా దొరికింది. అంకారావు వరుసలో నాలుగు శాతం పన్ను కలిపాడు, తోలుబడికి పది పైసలు కలిపాడు. 13.24 అయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం మనిషి, ఈసారి ఎవరూ ఏమీ అనకముందే తడుముకున్నాడు.

కొనుగోలు కమిటీలో పట్టిక చదివాడు. విజయవాడ వాళ్ళది అందరికన్నా తక్కువ. సమితి ప్రెసిడెంటు సీతారామారావు గారు కళ్ళజోడు తీసి, "అంకారావు మీ స్నేహితుడు కదండీ?" అన్నారు.

"ఆఫీసులో స్నేహితులెవరండీ" అన్నాడు శౌరయ్య.

"అదీ మాట! స్నేహితుడని కూడా చూడలేదు. నేర్చుకోండయ్యా" అన్నారు ప్రెసిడెంటు గారు అందరికేసి చూస్తూ. శౌరయ్యకు ఒళ్ళు పొంగింది. ఆ పొంగు తల్చుకుంటేనే తర్వాత ఆయనకు ఎక్కడ లేని సిగ్గూ వచ్చేది. ఆర్డరు ఆ రోజే పోస్టులో పడింది. పట్టిక నకలు నోటీసు బోర్డుకెక్కింది.

రెండు రోజులకు ఇంజనీరు గారు అసలు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఫైల్లో కుడదామని తీస్తే అంకారావు కాగితం కింద ఊదా ముద్ర పచ్చిగా నవ్వుతున్నట్టుంది. "పన్నులతో సహా. ఊళ్ళో దింపి ఇవ్వబడును." శౌరయ్య దాన్ని ఒక్కసారే చదివాడు. రెండోసారి చదవడానికి ధైర్యం చాలలేదు. కొత్త లెక్క కట్టక్కర్లేదు, కలిపినవి కొట్టేస్తే చాలు. 12.63. మీటరుకు పద్నాలుగు పైసల తేడాతో ఆర్డరు అంకారావుకు రావాలి.

కొట్టుకు వెళ్ళాడు. వెనక దొడ్లో గోడకు చేరేసి కొత్త పైపులు మెరుస్తున్నాయి. ఆర్డరు వస్తుందన్న ధీమాతో అంకారావు ముందే అరువు తెచ్చుకున్నాడు.

"కూర్చోరా" అన్నాడు అంకారావు. నీళ్ళు ఇచ్చాడు.

"అంకా, పట్టికలో తప్పు జరిగిందిరా."

"తెలుసు. బోర్డు మీద చూశాగా. పన్ను రెండుసార్లు కట్టించావు నాచేత" అని నవ్వాడు.

"మరి చూసి ఊరుకున్నావేం?"

"వచ్చి గొడవ పడితే నువ్వు నా కోసం మార్చావంటారు. బక్కెట్లప్పుడు నెల్రోజులు ఈ బెంచీ ఎక్కలేదు నువ్వు. మళ్ళీ ఆ గోల నాకెందుకు? పైపులు ఇవాళ కాకపోతే రేపు అమ్ముడుపోతాయి లేరా."

తిట్టి ఉంటే బాగుండేదని శౌరయ్యకు అనిపించింది. తిడితే కాళ్ళన్నా పట్టుకోవచ్చు, పైగా సగం భారం దిగిపోతుంది. ఇతను తన పేరును కాపాడడానికి నష్టపోతున్నాడు. ఆ పేరు కోసమే తను ఇతన్ని ముంచాడు. గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

అక్కడి నుంచి తిన్నగా ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాడు. దిద్దిన పట్టిక చేతికిచ్చాడు. సరుకింకా కదల్లేదని, ఈ పూట టెలిగ్రాం ఇస్తే ఆర్డరు ఆగుతుందని చెప్పాడు. సీతారామారావు గారు పట్టిక చూశారు, శౌరయ్యను చూశారు. పెదవి ఒక పక్కకు వంగింది. శౌరయ్య ఏ నవ్వుకు భయపడి ఇదంతా చేశాడో, సరిగ్గా అదే నవ్వు.

"చివరికి అంకారావుకే వచ్చిందన్నమాట" అన్నారు.

"ముద్ర ఫొటోస్టాట్లో పడలేదండీ. అసలు కాగితంలో ఉంది. చూడండి."

"ఉంటే ఉందిలెండి. మొత్తం మీద తేడా ఎంత? ఎనభై నాలుగు రూపాయలు. దాని కోసం మొన్న మెచ్చుకున్న నోళ్ళతో ఇవాళ తిట్టించుకుంటారా? నా మాట విని దాన్ని జేబులో పెట్టుకోండి. మీ మంచికే చెబుతున్నా."

'కాదండీ, కమిటీలో పెట్టండి' అనాలి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. శౌరయ్య చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకున్నాడు. "మీరు చెప్పాక ఇంకేముందండీ" అన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మేరమ్మ ఏమైందని అడిగితే తలనొప్పన్నాడు.

వినగడపలో పైపులు దిగాయి, నీళ్ళు వచ్చాయి. అంకారావు పైపులు ఏడాది పాటు దొడ్లో ఉండి, కడకు రెడ్డిగూడెం మామిడితోటల వాళ్ళకు అసలు ధర కన్నా తక్కువకు పోయాయి. ఆ మాట అతను చెప్పలేదు, కొట్లో గుమాస్తా చెప్పాడు. బెంచీ మీద మాటలు మామూలుగానే సాగాయి. శౌరయ్య మాత్రం దొడ్డి వైపు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

డెబ్భై తొమ్మిదిలో శౌరయ్య రిటైరయ్యాడు. సమితి ఆఫీసులో సభ పెట్టారు. సీతారామారావు గారు లేచి, వినగడప పైపుల కథ ఎత్తుకున్నారు. "సొంత స్నేహితుడి కొటేషనును పక్కన పెట్టిన మనిషి! స్నేహితుడని కూడా చూడలేదు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న అంకారావు అందరికన్నా గట్టిగా కొట్టాడు. శౌరయ్య మెడలో దండ బరువెక్కింది. ఈ ఒక్క రోజైనా చెప్పేయాలి, ఇక ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేదు కదా అనుకుని లేచాడు.

"ఆ పైపుల సంగతి..." అని మొదలుపెట్టాడు.

ముందు వరుసలో అంకారావు తల అడ్డంగా ఊపాడు. కొంచెమే, ఎవరికీ తెలియకుండా. వద్దురా, ఇప్పుడెందుకు అన్నట్టు.

శౌరయ్య మెడలో దండ సర్దుకున్నాడు. "...ఏదో నా డ్యూటీ నేను చేశానండీ" అని కూర్చున్నాడు. మళ్ళీ చప్పట్లు.

స్నేహితుడు వద్దన్నాడు కాబట్టి ఆగిపోయానని తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. కానీ ఆ తల అడ్డంగా ఊగినప్పుడు ఆయనకు కలిగింది బాధ కాదు, హాయి. ఆ హాయి తల్చుకునే బతికినన్నాళ్ళూ సిగ్గుపడ్డాడు.