రాలిపడ్డ ‘కాదు’

కోళికోడ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బజారుకెక్కే ‘మలబార్ సంధ్య’ సాయంకాలపత్రికలో చాత్తుకుట్టి ముప్పైనాలుగేళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాడు. తొంభై ఏడు జూన్ ముప్పై ఆయనకు ఆఖరి రోజు. ఆ రోజు కూడా మొదటి పేజీ ఆయనదే.

పన్నెండున్నరకు మిషను తిరిగింది. కాసేపయ్యాక అలవాటు కొద్దీ ప్రెస్సులోకి దిగి, బల్ల మీదికి వస్తున్న కాగితాల్లోంచి ఒకటి లాగి, తడి సిరా వేళ్లకంటకుండా అంచులు పట్టుకుని చూశాడు. కుడివైపు రెండు కాలమ్‌ల శీర్షిక: ‘పడవ మునిగిన కేసు: కోరన్ దోషి’.

చాత్తుకుట్టి మళ్లీ చదివాడు. తను రాసింది ‘కోరన్ దోషి కాదు’ అని. పుత్తన్‌కడవు దగ్గర ఏరు దాటించే పడవ ఆరేళ్ల కింద తిరగబడి నలుగురు పోయారు. పడవ నడిపిన కోరన్ అప్పట్నుంచీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ పొద్దున పదకొండింటికే జడ్జి అతని తప్పేమీ లేదని తేల్చాడు. కింద వార్తంతా సరిగ్గానే ఉంది. కానీ బస్టాండులో పేపరమ్మేవాడు అరిచేది వార్త కాదు, శీర్షిక.

“దేవసీ, ఆపు!”

ఫోర్‌మన్ దేవసి కంగారుపడ్డాడు. “నంబియార్ సార్ చెప్పకుండా ఆపితే నా తల తీసేస్తాడు ఏట్టా.” ఏట్టా అంటే అన్నా అని; ఆఫీసులో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు.

“తల సంగతి తరవాత చూద్దాం. ఆపు.”

దేవసి ఎర్ర బొత్తాం నొక్కాడు. కాగితం చుట్ట గుక్కతిప్పుకుంటూ తిరిగి తిరిగి ఆగింది. లెక్క చూస్తే తొమ్మిది వేలు దాటాయి. అందులో నాలుగు వేలు వడకర బస్సెక్కి వెళ్లిపోయాయి. మిగతావి కట్టలు కట్టి గుమ్మం దగ్గర ఉన్నాయి.

అప్పటికే న్యూస్ ఎడిటర్ శేఖరన్ నంబియార్ మెట్లు దిగి వస్తున్నాడు. వెనకే పేజీ అతికించే రుఖియా. కెమెరా గదిలో, పేజీని పెట్టి ఫిల్ము తీసే పలక అంచున దొరికిందంటూ అరచేయి చాపింది. గోరంత కాగితం ముక్క. దాని మీద ‘కాదు’.

జరిగింది చాత్తుకుట్టికి అర్థమైంది. శీర్షిక పొడుగై ‘కాదు’ ఒక్కటే కింది వరసకు జారితే, దాన్ని కత్తిరించి పై వరస చివర అతికించమన్నది తనే. గమ్ము ఆరి, ఫిల్ము తీసేలోపే ముక్క ఊడిపోయింది.

“చూశావా రుఖియా నీ నిర్వాకం!” అన్నాడు నంబియార్. “సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వు. ఇంకోచోట పని వెతుక్కో.”

“ఆమెననకండి,” అన్నాడు చాత్తుకుట్టి. “ముక్కలు ఊడతాయి. ఎన్నేళ్లుగానో ఊడుతూనే ఉన్నాయి. అందుకేగా ఫిల్మును దీపప్పెట్టె మీద పెట్టి అక్షరం అక్షరం చూసి, కవరు మీద సంతకం పెట్టమన్నారు? ఆ సంతకం నాది. చూడకుండా పెట్టాను.”

“చూడకుండానా? మీరా?”

“అప్పుడు మీరంతా నా చేత వీడ్కోలు హల్వా కోయిస్తున్నారు. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో పెన్ను.”

నంబియార్ గొంతు తగ్గించాడు.

“ఏట్టా, ఇవాళ మీ ఆఖరి రోజు. ఎందుకీ మచ్చ? రెండో కూర్పులో శీర్షిక సరిచేద్దాం. ఈ కట్టలు మాత్రం పోనివ్వండి, బస్సులు ఆగవు. రేపు లోపలి పేజీలో ‘అచ్చుతప్పు’ అని రెండు లైన్లు వేద్దాం.”

“కట్టలు పోవు.” చాత్తుకుట్టి వెళ్లి గుమ్మం దగ్గర కట్టల మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల బక్కమనిషి, తెల్ల ముండు పంచె మీద సిరా మరకలు. “లాగెయ్యమనండి చూద్దాం.”

సామాన్లెక్కించేవాళ్లు ఆకాశం కేసి చూశారు. దేవసి బీడీ వెలిగించబోయి, నంబియార్‌ను చూసి జేబులో పెట్టుకున్నాడు.

“అచ్చుతప్పంటే యంత్రం తప్పని జనం అనుకుంటారు,” చాత్తుకుట్టి ఆగలేదు. “ఇది మనిషి తప్పు. ఇవాళే వెయ్యాలి. మొదటి పేజీలోనే, అదే చోట, అంతే అక్షరాల్లో.”

“మన వకీలు ఒప్పుకోడు. మనంతట మనమే తప్పని రాసిచ్చినట్టవుతుంది.”

“తప్పేగా?”

చాత్తుకుట్టి కట్ట మీద నుంచి లేవకుండానే ప్రూఫు కాగితం వెనక రాశాడు. ‘మా మొదటి కూర్పులో కోరన్ దోషి అని పడింది. అది అబద్ధం. కోరన్ దోషి కాదని కోర్టు చెప్పింది. పేజీ చూడాల్సిన డెస్కు చూడకుండా వదిలింది. కోరన్‌కు మా క్షమాపణ.’

రుఖియా దాన్ని పట్టుకుని పైకి పరుగెత్తింది. ఈసారి శీర్షికంతా ఒకే ముక్కగా తీసి అతికించింది. పాత ఫిల్ములో ఆ మేరకు కిటికీలా కోసి, కొత్త ఫిల్ము ముక్కలు అందులో టేపుతో బిగించారు. చాత్తుకుట్టి దీపప్పెట్టె మీదికి వంగి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం బయటికే చదివాడు. కానీ కవరు మీద సంతకం పెట్టలేదు.

“క్షమాపణ తీసేసి పంపండి,” అన్నాడు నంబియార్.

“తీసేస్తే నా సంతకం ఉండదు. సంతకం లేని ఫిల్ముకు దేవసి ప్లేటు తియ్యడు.”

“నేనే పెడతాను.” నంబియార్ పెన్ను తీశాడు.

“పెట్టండి సార్. అప్పుడీ పేజీ మీది. తెలిసి కూడా ఎందుకు దాచారని రేపు కోరన్ తరఫు వకీలు అడిగితే, కవరు మీద మీ పేరే ఉంటుంది. నా పేరుంటే నన్నడుగుతాడు. నాకేం, రేపట్నుంచి ఇంట్లోనే ఉంటాను.”

నంబియార్ పెన్నుకు మూత పెట్టేశాడు. “కానివ్వండి. మీ సన్మానం మాత్రం ఉండదు. మెమో ఇస్తాను.”

“ఇవ్వండి.”

రెండున్నరకు కొత్త ప్లేటు బిగిసి మిషను తిరిగింది. మూడింటికి మెమో వచ్చింది. చాత్తుకుట్టి అందులో ‘క్రమశిక్షన’ను ‘క్రమశిక్షణ’గా దిద్ది, పక్కన గీత గీసి, అందినట్టు సంతకం పెట్టిచ్చాడు. రుఖియా ఏదో అనబోయింది. “గమ్ము కొత్త డబ్బా తెప్పించమని అడుగు. నెలనాళ్లుగా అడుగుతున్నానని అందరి ముందూ చెప్పు. భయపడకు,” అన్నాడు. శాలువా ఎవరూ కప్పలేదు. ఆయన చంకలో యాభై కాపీలు పెట్టుకుని వడకర బస్సెక్కాడు.

అయిదున్నరకు పుత్తన్‌కడవులో దిగేసరికి చినుకులు. రేవు పక్క టీ కొట్లో అయిదారుగురున్నారు. తడికకు మొదటి కూర్పు గుచ్చి ఉంది. బయట అరుగు మీద ఒకాయన ఒంటరిగా కూర్చున్నాడు.

కొట్టువాణ్ణి అడిగాడు చాత్తుకుట్టి, “కోరన్ ఎవరు?”

“అదుగో. జడ్జి వదిలేశాడని ఊరంతా చెప్పుకుంటూ వచ్చాడు మధ్యాహ్నం. పేపరు చూడండి ఏం రాసిందో! అబద్ధమాడినా అతికినట్టుండాలిగా.” లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

చాత్తుకుట్టి వెళ్లి ఆ అరుగు మీదే కూర్చున్నాడు. “కోరన్, ఆ అబద్ధం రాసింది నేను.”

కోరన్ తల తిప్పి చూశాడు. అరవై దాటిన మనిషి. “నాకు చదువు రాదు,” అన్నాడు. “మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కడూ వచ్చి అదే చదివి వినిపిస్తున్నాడు. జడ్జి మాట నేనే తప్పుగా విన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.”

“నువ్వు సరిగ్గానే విన్నావు. నేనే సరిగ్గా చూడలేదు.” చాత్తుకుట్టి కొత్త కాగితం విప్పి, శీర్షికా క్షమాపణా మెల్లగా చదివాడు.

కోరన్ విన్నాడు.

“ఇంత మెల్లగా చదివితే నాకొక్కడికే వినిపిస్తుంది,” అన్నాడు. “నాకెందుకు? నాకు తెలుసుగా. మధ్యాహ్నం వాళ్లు గొంతు చించుకుని చదివారు.”

చాత్తుకుట్టి లేచాడు. చెప్పులు విప్పి, కొట్లో బల్ల ఎక్కి నిలబడ్డాడు. కొట్టువాడు “ఏయ్, ఏయ్” అన్నాడు. గ్లాసులు గలగలమన్నాయి. ముప్పైనాలుగేళ్లుగా పెదాల్లోనే చదువుకున్న మనిషి, అవతలి ఒడ్డున పడవ కోసం నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగేంత గట్టిగా మొదలుపెట్టాడు.

“పడవ మునిగిన కేసు: కోరన్ దోషి కాదు!”